రాత్రి కాపలా: పక్షవాత రోగిని చూసుకునేవారి ఆందోళన, అలసట

దీర్ఘవ్యాధితో మంచం పట్టిన మనిషిని ఇంట్లో ఉంచి చూసుకునేవారిలో కొన్ని నెలలు గడిచేసరికి రెండు లక్షణాలు జంటగా పాతుకుపోవడం వైద్యులు తరచుగా గమనించే విషయం. మొదటిది ఆందోళన, అంటే ఎదుట ఏ ప్రమాదమూ లేకపోయినా ఏదో జరగబోతున్నదన్న బెదురు మనసును వదలకపోవడం, గుండె దడదడలాడటం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం. రెండవది బడలిక, అంటే రాత్రంతా పడుకుని లేచినా తీరని అలసట, ఇష్టమైన పని మీద కూడా మనసు పోనంత నిస్సత్తువ. ఈ రెండూ విరుద్ధంగా కనిపిస్తాయి గాని, ఒకటి మనిషిని నిద్రపోనివ్వదు, రెండవది మేలుకుని ఉండనివ్వదు, కనుక ఒకదాన్ని మరొకటి పెంచుకుంటూ పోతాయి.

మెదడుకు రక్తం అందక గాని, మెదడులో రక్తనాళం చిట్లి గాని కాలూ చెయ్యీ పడిపోయే పక్షవాతం ఈ స్థితిని పరిశీలించడానికి తగిన ఉదాహరణ. మధుమేహం వంటి వ్యాధి నెమ్మదిగా ముదురుతుంది కనుక కుటుంబానికి అలవాటు పడే వ్యవధి ఉంటుంది. పక్షవాతమైతే ఒక ఉదయం కాఫీ తాగుతున్న మనిషిని మధ్యాహ్నానికి ఆసుపత్రి మంచం మీదికి చేరుస్తుంది, పది పదిహేను రోజుల తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి భార్య చేతికో కోడలి చేతికో మాత్రల చీటీని, పథ్యం వివరాలను, వ్యాయామాల జాబితాను అప్పగిస్తుంది. ఆ కాగితాల్లో రోగి గురించి రాయనిది ఉండదు, చూసుకునే మనిషి ఎప్పుడు నిద్రపోవాలన్నది మాత్రం వాటిలో ఎక్కడా కనిపించదు.

చూసుకునేవారి అలసటకు కారణం చాకిరీ అని చుట్టూ ఉన్నవారు సహజంగా అనుకుంటారు. స్నానం చేయించడం, డైపర్ మార్చడం, జావ పట్టించడం, దుప్పట్లు ఉతకడం నిజంగానే నడుము విరిచే పనులు. అయితే ఈ పనులకు మొదలూ చివరా ఉన్నాయి, దుప్పటి ఆరేయగానే ఆ పని ముగుస్తుంది. ముగింపు లేనిది కాపలా. రోగి దగ్గాడా, శ్వాస సరిగ్గా ఆడుతున్నదా, మూతి మళ్లీ వంకర పోయిందా, రెండోసారి పక్షవాతం వస్తుందా అని చెవీ కన్నూ అటువైపే పడి ఉండటం అనే ఈ పనికి వేళంటూ లేదు, ఇది పని అని గుర్తించేవారూ లేరు. చూసుకునేవారి ఆందోళనను తగ్గించడానికి చేసే ప్రయత్నాల్లో ఎక్కువ భాగం చాకిరీని తగ్గించి కాపలాను అలాగే వదిలేస్తాయి, అందుకే పనిమనిషిని పెట్టుకున్న ఇళ్లలో కూడా భార్యకు నిద్ర పట్టకపోవడం కనిపిస్తుంది.

ఈ కాపలా శరీరం మీద చూపే ప్రభావాన్ని అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో ఒక చిన్న ప్రయోగంతో చూపించారు. మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసులో ఉండి అటువంటి బాధ్యత లేని మరో 13 మంది స్త్రీలను తీసుకుని, అందరి ముంజేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న గాయం చేసి, అది ఎన్నాళ్లకు మానుతుందో లెక్కించారు. బాధ్యత లేనివారి గాయం సగటున 39 రోజుల్లో మానగా, రోగిని చూసుకుంటున్నవారి గాయం మానడానికి దాదాపు 49 రోజులు పట్టింది. నెలల తరబడి సాగే ఒత్తిడి చర్మం తనను తాను బాగుచేసుకునే శక్తిని కూడా మందగింపజేస్తుందని దీని అర్థం, కనుక ఈ అలసటను మనోబలం లేకపోవడంగా చూడటం సరికాదు.

అమెరికాలోనే 1999లో వెలువడిన మరో పరిశీలన ఇంతకంటె పనికివచ్చే మాట చెబుతుంది. 66 ఏళ్లు దాటిన దంపతులను నాలుగేళ్లపాటు గమనించినప్పుడు, జీవిత భాగస్వామిని చూసుకుంటూ అది తమకు భారంగా ఉన్నదని చెప్పినవారిలో మరణం సంభవించే అవకాశం, ఆ బాధ్యత లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. అదే బాధ్యత మోస్తూ భారంగా లేదన్నవారిలో మాత్రం అటువంటి పెరుగుదల కనిపించలేదు. రోగిని చూసుకోవడమే ప్రాణాంతకం కాదని, అది ఏ ఏర్పాటులో జరుగుతున్నదన్నదే కీలకమని ఈ తేడా సూచిస్తున్నది. ఏర్పాటును మార్చడం, వ్యాధిని మార్చడంలా కాక, చాలావరకు కుటుంబం చేతిలో ఉన్న పని.

ఆ మార్పు ఎక్కడ మొదలుకావాలో తెలియడానికి తెలుగునాట ఎన్నో ఊళ్లలో కనిపించే తరహా ఇంటిని ఒకదాన్ని ఊహించుకోవచ్చు. భర్త 68 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆరు నెలల కింద కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది, సొంతంగా పక్కకు ఒత్తిగిల్లలేడు. భార్యకు 61 ఏళ్లు. కొడుకు కోడలితో అదే ఇంట్లో ఉంటూ ఉద్యోగానికి వెళ్లివస్తాడు, కూతురు అమెరికాలో ఉంటుంది. ఇంట్లో ఎవరూ చెడ్డవారు కాదు, డబ్బుకు మరీ ఇబ్బంది లేదు. అయినా ఆమె భర్త మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది, ఆయన కదిలితే లేస్తుంది, కదలకపోతే ఇంకా ముందే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, రోజుకు ఎనిమిది తొమ్మిదిసార్లు బీపీ యంత్రం కడుతుంది. గుళ్లో అర్ధగంట కూర్చున్నా ఫోను చేతిలోనే ఉంటుంది.

ఈ ఇంట్లో మొదట పట్టించుకోవలసింది బీపీ యంత్రాన్ని. రక్తపోటు అదుపు తప్పితే మళ్లీ పక్షవాతం రావచ్చని వైద్యుడు చెప్పిన మాట నిజమే కనుక, ఆమె చూడటంలో తప్పు లేదు. అయితే భయం కలిగిన ప్రతిసారీ చూడటం అలవాటైతే, అంకె సరిగ్గా ఉన్నప్పుడు కలిగే ఊరట పావుగంటకే ఆవిరై, చూస్తే తప్ప నమ్మకం కలగని స్థితి ఏర్పడుతుంది. మానసిక వైద్యులు దీన్ని భరోసా కోసం వెదుకులాట అంటారు, అంటే సందేహం తీర్చుకోవడానికి చేసే పనే సందేహాన్ని పెంచి పోషించడం. దీనికి తోడు రక్తపోటు రోజంతా ఒకే తీరుగా ఉండదు, మాట్లాడినా, మూత్రం బిగబట్టినా, పక్క మార్చిన వెంటనే చూసినా పెరుగుతుంది, భార్య ముఖంలో కంగారు చూసి రోగి బెదిరినా పెరుగుతుంది. ఎనిమిదిసార్లు చూసేవారికి ఎక్కువ అంకె ఒకటైనా కనబడి తీరుతుంది, దానితో ఆ రాత్రి నిద్ర పోతుంది.

ఇక్కడ ఉపశమనమిచ్చే అడుగు మానెయ్యడం కాదు, వేళ పెట్టుకోవడం. రోగిని అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉంచి, పడిపోని చేతికి పట్టీ కట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ పుస్తకంలో రాసుకోవాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా చూస్తే వైద్యుడికి కావలసిన సమాచారం సాధారణంగా సరిపోతుంది. ఎన్నిసార్లు చూడాలో, ఏ అంకె దాటితే ఫోను చెయ్యాలో, ఏ అంకెకు కంగారు పడనక్కరలేదో తరువాతి సందర్శనలో వైద్యుడి చేతనే ఒక కాగితం మీద రాయించుకోవడం ఈ అడుగులో అసలైన భాగం. ఆ కాగితం కిందనే రెండోసారి పక్షవాతానికి గుర్తులను పెద్ద అక్షరాలతో రాయాలి: మూతి కొత్తగా వంకర పోవడం, మంచిగా ఉన్న చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట ఇంకా ముద్ద కావడం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా, మొదలైన వేళను గుర్తు పెట్టుకుని వెంటనే 108కి ఫోను చెయ్యాలి, ఎందుకంటే రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇస్తేనే పనిచేస్తుంది. ఈ కాగితం గోడకు ఎక్కిన తర్వాత ప్రమాదం పోదు, కాని దాన్ని తలలో మోయవలసిన అవసరం పోతుంది, గోడ మీద ఉన్నదాన్ని కోడలూ చదవగలదు, పక్కింటివారూ చదవగలరు.

రెండవది నిద్ర, అన్నిటికంటె బరువైనది. మొత్తం గంటలు లెక్కిస్తే ఈమె ఆరు గంటలు పడుకున్నట్టే కనిపిస్తుంది, అయితే ఆ ఆరు గంటలు ముప్పావు గంట, గంట ముక్కలుగా ఉంటాయి. శరీరాన్ని బాగుచేసే గాఢనిద్ర, మనసును కుదుటపరిచే కలల నిద్ర ఒకదాని వెంట ఒకటి ఇంచుమించు గంటన్నరకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. చుట్టు పూర్తికాకముందే లేచిన మనిషికి పడుకున్న లెక్క మిగులుతుంది గాని ఫలితం మిగలదు. కనుక ఆమెకు కావలసింది ఎక్కువ నిద్ర కంటె ముందు తెగని నిద్ర.

రాత్రిళ్లు లేవడానికి ఆమెకున్న ముఖ్య కారణం భర్తను రెండు గంటలకొకసారి ఒత్తిగిలించమన్న ఆసుపత్రి సూచన. కదలలేని మనిషి ఒకే పక్క పడుకుంటే ఎముక ఉబ్బుగా ఉన్నచోట చర్మం నలిగి పడకపుండ్లు పడతాయి, అవి మానడం కష్టం కనుక ఈ జాగ్రత్తకు అర్థం ఉంది. అయితే రెండు గంటలన్నది మార్చరాని లెక్క కాదన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు. బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు పుండ్ల ముప్పు ఉన్న పెద్దలను కనీసం ఆరు గంటలకొకసారి, ముప్పు చాలా ఎక్కువగా ఉన్నవారిని కనీసం నాలుగు గంటలకొకసారి కదిలించాలని చెబుతాయి. అమెరికా, కెనడాలలోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో 900 పైచిలుకు మందిపై జరిగి 2013లో వెలువడిన పరిశీలనలో, దట్టమైన ఫోమ్ పరుపు మీద పడుకున్నవారిని రెండు, మూడు, నాలుగు గంటలకు ఒత్తిగిలించినా పుండ్లు పడటంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇక్కడ పరుపు అన్న మాటే ముఖ్యం, నులక మంచానికో పలచటి బొంతకో ఈ ఫలితం వర్తించదు.

కనుక ఈ ఇంట్లో చెయ్యవలసింది వైద్యుణ్ణి గాని ఇంటికి వచ్చే నర్సును గాని సూటిగా అడగడం: మంచి ఫోమ్ పరుపు లేదా గాలిపరుపు వేస్తే రాత్రి నాలుగు గంటల విరామం ఈ రోగికి సురక్షితమా అని. సరేనంటే మొదటి వారం పరీక్షగా చూడాలి. ప్రతి ఉదయం పక్క మార్చేటప్పుడు నడుము కింది ఎముక, తుంటి, మడమలు, చీలమండలు చూసి, ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలాలి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే అది మామూలు ఒత్తిడి. నొక్కినా ఎరుపు మారకపోతే పుండుకు అది మొదటి మెట్టు, వెంటనే విరామం తగ్గించి వైద్యుడికి చెప్పాలి. ఛాయ తక్కువ ఒంటి మీద ఎరుపు కనబడదు కనుక చుట్టుపక్కల చర్మంతో పోల్చి వెచ్చగా ఉన్నదా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడటం మేలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచితే సగం బెడద తప్పుతుంది.

విరామం నాలుగు గంటలైతే రాత్రిని రెండుగా కోయవచ్చు. పదింటికి ఒత్తిగిలించిన తర్వాత రెండింటి వరకు కొడుకు కాపలా, రెండింటికి ఆమె లేచి ఒత్తిగిలించి ఆరింటి వరకు తాను ఉండటం. ఉద్యోగానికి వెళ్లవలసిన కొడుకుకు కూడా రెండు తర్వాత నాలుగైదు గంటలు తెగని నిద్ర మిగులుతుంది. ఈ ఏర్పాటు నిలబడాలంటే ఒక షరతు తప్పదు: తన వంతు కాని వేళ ఆమె మరో గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. అదే గదిలో చాప మీద ఉంటే కొడుకు మేలుకుని ఉన్నా ఆమె చెవి కాపలా దిగదు. మొదటి మూడు నాలుగు రాత్రులు తలుపు దగ్గరకు వచ్చి వినడం జరుగుతుంది, నెలల తరబడి మేలుకున్న మెదడు ఒక్క పూటలో నమ్మదు. ఫరవాలేదని రెండు వారాలు కొనసాగించాక, పగలు విసుగు తగ్గిందా, చిన్న విషయానికి కన్నీళ్లు రావడం తగ్గిందా అని చూసి నిర్ణయించుకోవాలి. కొడుకు లేని ఇంట్లో వారానికి రెండు రాత్రులకైనా చెల్లెలినో మరదలినో పిలిపించుకోవడం, లేదా డబ్బిచ్చి రాత్రి మనిషిని పెట్టుకోవడం, పగటి పనిమనిషి కంటె ముందు చెయ్యవలసిన ఖర్చు.

మూడవ అడుగు పనుల పంపకం గురించి. ఇంట్లో సాయం చేసేవారు సాధారణంగా పని చేస్తారు గాని, ఆలోచన చెయ్యరు. కోడలు మందులు తెస్తుంది, అయితే ఏ మాత్ర అయిపోతున్నదో అత్తగారే చూసి చెప్పాలి. కొడుకు ఆసుపత్రికి కారులో తీసుకువెళ్తాడు, కాని ఎప్పుడు వెళ్లాలో ఆమే గుర్తుచెయ్యాలి. ఇలా గుర్తుపెట్టుకునే పని మొత్తం ఒక్క తలలో పేరుకోవడమే ఆందోళనకు పెద్ద ఊట. దీనికి విరుగుడు ఒక్క పనినైనా తల నుంచి చెయ్యి దాకా పూర్తిగా మరొకరికి బదిలీ చెయ్యడం. ఉదాహరణకు మాత్రలన్నీ అమెరికాలోని కూతురి బాధ్యత కావచ్చు: ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో వదిన మాత్రల పెట్టె చూపిస్తే, కూతురు లెక్కచూసి, తక్కువైనవి మందుల దుకాణానికి తానే ఫోను చేసి ఇంటికి పంపించి, డబ్బు చెల్లిస్తుంది. ఆ రోజు నుంచి మాత్ర తక్కువైతే జవాబుదారీ కూతురిది, తల్లి మళ్లీ లెక్కపెట్టకూడదు. దూరాన ఉన్న పిల్లలు రోజూ ఫోను చేసి నాన్న ఎలా ఉన్నాడని అడగడం ప్రేమే, అయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తల్లికి మరో పని అవుతుంది. ఒక బాధ్యత తీసుకున్న బిడ్డ ఫోను ఆమెకు బరువు దించుతుంది.

వీటన్నిటికీ అడ్డుపడేది అపరాధభావం, అంటే తాను ఇంకొంచెం కష్టపడి ఉంటే ఆయన నడిచేవాడేమో అన్న బాధ. చుట్టపుచూపుగా వచ్చినవారు ఫలానా ఊళ్లో ఒకాయన మూడు నెలల్లో లేచి తిరిగాడని చెప్పిపోయిన మాట ఈ బాధకు ఎరువు అవుతుంది. భారతదేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాత రోగులపై జరిగి 2017లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలన ఇక్కడ చెప్పుకోదగినది. అందులో సగంమంది రోగుల కుటుంబసభ్యులకు వ్యాయామాలు చేయించడంలో ప్రత్యేక శిక్షణ ఇచ్చి ఇంటికి పంపారు, మిగిలినవారు మామూలు వైద్యంతో వెళ్లారు. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో గాని, ఇతరుల మీద ఆధారపడటంలో గాని రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. వ్యాయామాలు మానెయ్యాలని దీని అర్థం కాదు, కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి అవి అవసరం. అయితే రోగి ఎంతవరకు కోలుకుంటాడన్నది ఎక్కువగా మెదడులో దెబ్బ తగిలిన చోటును, దాని పరిమాణాన్ని బట్టి ఉంటుందని, భార్య ఒక పూట వ్యాయామం తప్పించి నిద్రపోయినందువల్ల ఆయన నడక ఆగిపోలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఈ అడుగులకు హద్దు కూడా ఉంది. తెగని నిద్ర దొరికిన రెండు మూడు వారాల తర్వాత కూడా దడ, బెదురు తగ్గకపోతే, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోతే, తిండి మీద ధ్యాస పోయి బరువు తగ్గుతుంటే వైద్యుణ్ణి కలవాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, గుర్తించని మధుమేహం కూడా ఇదే అలసటను కలిగిస్తాయి కనుక రక్తపరీక్షలు ముందు చేయించడం సబబు. భర్త మందుల పెట్టెలోని నిద్రమాత్రను తాను వేసుకోవడం కొన్ని ఇళ్లలో గుట్టుగా జరుగుతుంటుంది. ఆ రకం మాత్రలు కొద్ది వారాల్లోనే అలవాటుగా మారతాయి, పెద్ద వయసులో రాత్రి లేచినప్పుడు తూలిపడేలా చేస్తాయి, హఠాత్తుగా మానేస్తే ఆందోళన రెట్టింపవుతుంది. ఇప్పటికే వేసుకుంటున్నవారు సిగ్గుపడకుండా వైద్యుడితో చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. చచ్చిపోతే బాగుండునన్న తలపు గాని, రోగి మీద చెయ్యి చేసుకునేంత కోపం గాని వచ్చినప్పుడు ఇక వాయిదా పనికిరాదు, ఆ తలపు వచ్చిన మనిషి చెడ్డది కాదు, శక్తికి మించి మోసింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా, పగలూ రాత్రీ, తెలుగులోనే సలహాదారుతో మాట్లాడవచ్చు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు.

ఆ ఫోనులోనైనా, వైద్యుడి గదిలోనైనా చాలామంది సంరక్షకులు మొదట రోగి సంగతే మొదలుపెట్టి, తమ సంగతి చెప్పే లోపల సమయం అయిపోయి లేచి వస్తారు. అందువల్ల బయలుదేరే ముందే ఒక చీటీ మీద మూడు అంకెలు రాసుకోవడం మంచిది: గడచిన వారంలో తెగకుండా నిద్రపోయిన అతి ఎక్కువ గంటలు, రాత్రిలో లేచిన సార్లు, తానొక్కతే ఇల్లు వదిలి బయటికి వెళ్లిన సార్లు. ఆ చీటీని భర్త ఫైలులో కాకుండా తన పేరు రాసిన వేరే ఫైలులో పెట్టుకుని, దాన్నే ముందు వైద్యుడి చేతికి ఇవ్వాలి.